హైబ్రిడ్ షిఫ్టులు, వీకెండ్ డ్యూటీలు: టీమ్‌కి మెయిల్ ఎలా రాయాలి?

"మాది ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్, 8 మందిమి. వచ్చే నెల నుంచి వారంలో 3 రోజులు ఆఫీసు, 2 రోజులు ఇంటి నుంచి. శని, ఆదివారాల డ్యూటీలు ఎవరికి ఎలా వేస్తారో చెబుతూ మెయిల్ పెట్టమని మేనేజర్ నాకు అప్పగించారు. ఎలా వేసినా ఎవరో ఒకరు అన్యాయం అంటారు. ఏం రాయాలి?"

మాదీ హైదరాబాద్‌లో సరిగ్గా ఇలాంటి టీమే, బిల్లింగ్ అప్లికేషన్ సపోర్ట్. 2026 జనవరిలో ఆ మెయిల్ రాసింది నేనే. మొదటిసారి తప్పు రాశాను, ఏప్రిల్‌లో దిద్దుకున్నాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెబితే మీ మెయిల్‌లో ఏముండాలో మీకే తెలుస్తుంది.

8 మందిని నాలుగు జంటలు చేశాను. వారానికో జంట, శని ఆదివారాలు రెండూ వాళ్లవే. నాలుగు వారాలకోసారి వంతు వస్తుంది. అంతకంటే సమానం ఏముంటుందనుకున్నాను. మెయిల్‌లో కూడా "అందరికీ సమానంగా" అని రాశాను.

మార్చి చివర్లో మొదటి జంటలోని అమ్మాయి క్యాలెండర్ ప్రింట్ తీసుకుని నా డెస్క్ దగ్గరికి వచ్చింది. తను చేసిన వీకెండ్లకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి: జనవరి 3, జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 28. "అన్నా, నెలాఖరు బ్యాచ్ ప్రతిసారీ మాకే ఎందుకు పడుతోంది?" అంది.

నేనేమీ కావాలని వేయలేదు, కానీ నిజంగానే ప్రతిసారీ వాళ్లకే పడింది. 2026 క్యాలెండర్‌లో నెలలో చివరి శనివారాలు చూడండి: జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 28, ఏప్రిల్ 25. వరుసగా నాలుగు నెలలు, మధ్యలో సరిగ్గా నాలుగేసి వారాలు. మా వంతు కూడా నాలుగు వారాలదే. రెండూ కలిసి తిరుగుతున్నాయి కాబట్టి ఆ నాలుగు నెలలూ నెలాఖరు మొదటి జంట మీదే పడుతుంది. తను అడగకపోతే ఏప్రిల్ 25 కూడా వాళ్లదే అయ్యేది. మాకు మామూలు శనివారం రెండు మూడు టికెట్లు వస్తాయి. నెలాఖరు శనివారం రాత్రి బిల్లింగ్ బ్యాచ్ నడుస్తుంది, అది ఆగితే తెల్లారేదాకా కాల్‌లో కూర్చోవాల్సిందే. ఈ రెంటినీ "ఒక వీకెండ్" అని ఒకే లెక్కలో వేయడమే నా తప్పు.

ఆ రాత్రి కూర్చుని మూడు నెలలకీ పాయింట్లు వేశాను. మామూలు వీకెండ్‌కి 1, నెలాఖరుకి 2, పండగ తగిలిన వీకెండ్‌కి 2. సంక్రాంతికి ముందూ వెనకా ఉన్న రెండు వీకెండ్లనూ పండగలోనే కలిపాను, ఎందుకంటే ఊరెళ్లేవాళ్లు జనవరి 10నే బయల్దేరతారు, 18న తిరుగు ప్రయాణం. మహాశివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారమే. మార్చి 21 వీకెండ్ ఉగాది, రంజాన్ రెండూ వచ్చిన వారంలోది. మొత్తం 13 వీకెండ్లకు 20 పాయింట్లు, అంటే జంటకు 5 రావాలి. వచ్చింది చూస్తే మొదటి జంటకు 7, రెండో జంటకు 4, మూడో జంటకు 5, నాలుగో జంటకు 4. వీకెండ్లు మాత్రమే లెక్కేస్తే మొదటి జంటకు 4, మిగతావాళ్లకు తలా 3. ఒక్కటేగా తేడా అనిపిస్తుంది. పాయింట్లలో చూస్తే దాదాపు రెట్టింపు భారం.

ఏప్రిల్ నుంచి నెలాఖరును మామూలు వంతులోంచి బయటికి తీసేసి దానికి విడిగా జాబితా పెట్టాను. ఏప్రిల్ 25 రెండో జంటకు, మే 30 మూడో జంటకు, జూన్ 27 నాలుగో జంటకు. మిగిలిన పది మామూలు వీకెండ్లలో మొదటి, మూడో జంటలకు రెండేసి, రెండో, నాలుగో జంటలకు మూడేసి. ఆ మూడు నెలల్లో వీకెండ్ మీద పడే పండగ మా జాబితాలో లేదు కాబట్టి జూన్ ఆఖరుకి అందరివీ తొమ్మిదేసి పాయింట్లయ్యాయి. వెనకటి బాకీ ముందు కాలంలో తీర్చామని మెయిల్‌లో అంకెలతో సహా రాశాను. ఆ పట్టిక కనపడ్డాక "నాకే ఎక్కువ" అన్న మాట మళ్లీ వినపడలేదు.

ఇక హైబ్రిడ్ వల్ల వచ్చే చిక్కు వేరే ఉంది. మాకు మంగళ, బుధ, గురువారాలు ఆఫీసు. మొదటి మెయిల్‌లో "కాంప్ ఆఫ్ 30 రోజుల్లో మీ వీలునుబట్టి తీసుకోండి" అని రాశాను. వినడానికి ఉదారంగానే ఉంది. జరిగింది వేరు. వీకెండ్ చేసినవాళ్లకు సోమవారం పని పేరుకుపోయి ఉంటుంది, ఎవరూ సెలవు అడగలేకపోయారు. సోమ నుంచి శుక్ర ఐదు, శని ఆది రెండు, మళ్లీ సోమ నుంచి శుక్ర ఐదు. వరుసగా 12 రోజుల పని. ఒకతను ధైర్యం చేసి మంగళ, బుధవారాలు కాంప్ ఆఫ్ తీసుకున్నాడు. నెలాఖరుకి ఆఫీసు హాజరు తక్కువైందని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటి నుంచి చేసిన వీకెండ్ స్వైప్ లెక్కలోకి రాదు మరి. శని ఆదివారాలు పని చేసి, దానికి బదులు సెలవు తీసుకున్నందుకు సంజాయిషీ రాయాల్సి వచ్చింది పాపం. అది పూర్తిగా నా మెయిల్ వల్ల జరిగిన నష్టం.

ఇప్పుడు కాంప్ ఆఫ్‌ని రోటాలోనే వేసేస్తున్నాను. డ్యూటీకి ముందు శుక్రవారం, తర్వాత సోమవారం. రెండూ ఇంటి నుంచి పనిచేసే రోజులే కాబట్టి మూడు ఆఫీసు రోజులూ చెక్కుచెదరవు. వరుస పని నాలుగు రోజులకు మించదు. దీనివల్ల నేను అనుకోని మేలు కూడా ఒకటి జరిగింది. ఊరు గుంటూరు, ఖమ్మం అయినవాళ్లు గురువారం రాత్రి బస్సెక్కి వెళ్లి, డ్యూటీ అక్కణ్నుంచే చేసి, సోమవారం సాయంత్రం బయల్దేరి వస్తున్నారు. ఇన్వర్టర్, రెండో నెట్ కనెక్షన్ ఉంటేనే అని షరతు పెట్టాను, నెలాఖరు బ్యాచ్‌కి మాత్రం ఊరి నుంచి వద్దన్నాను. ఇబ్బందీ లేకపోలేదు: శుక్ర, సోమవారాల్లో 8 మందికి 6 మందే ఉంటారు. అందుకని ఆ రెండు రోజులకు ఇంకొకరికి మించి సెలవు ఇవ్వలేమని ముందే రాయాలి.

వీకెండ్ మార్చుకోవడం గురించి కూడా ఒక వాక్యం తప్పకుండా పెట్టండి. మా దగ్గర ఒకమ్మాయి, పెళ్లి కాలేదు, పీజీలో ఉంటుంది. ఎవరు అడిగినా సరే అనేది. షీట్‌లో తన పేరు వంతు ప్రకారమే ఉంది, నిజానికి అయిదు వారాల్లో మూడు వీకెండ్లు చేసింది. "షీట్‌లో పేరు లేకపోతే నేను చేయనట్టేనా అన్నా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు షీట్‌లో నాలుగు కాలమ్‌లు: తేదీ, వంతు ఎవరిది, చేసింది ఎవరు, పాయింట్లు. పాయింట్లు మూడో కాలమ్‌లో పేరున్నవాళ్లకే. జంటగా మారినా లెక్క మాత్రం మనిషికి విడివిడిగా. F కాలమ్‌లో పేర్లు రాసుకుని పక్కన ఇది పెడితే చాలు, చేసినవాళ్ల ఒక్కొక్కరి పేరు విడి వరుసలో ఉండాలి:

```
=SUMIF(C:C,F2,D:D)
```

పెళ్లయిందా, పిల్లలున్నారా అన్నది పాయింట్లలోకి రాకూడదు. నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లు, ఇంట్లో ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండుతున్నవాళ్లు మీతో విడిగా మాట్లాడతారు. వాళ్లను ఫలానా తేదీ వరకు వంతులోంచి తీసేయండి, కారణం మాత్రం మెయిల్‌లో రాయకండి.

నేను రెండోసారి పంపిన మెయిల్ ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"అందరికీ, ఏప్రిల్ నుంచి జూన్ వరకు వీకెండ్ రోటా ముసాయిదా జత చేశాను. ఇది ఇంకా ఖాయం కాలేదు. జనవరి నుంచి మార్చి వరకు ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయో మొదటి పట్టికలో ఉంది. మొదటి జంటకు నెలాఖరులు మూడూ పడ్డాయి, అది నేను వేసిన వంతులోని లోపం. ఈ మూడు నెలల్లో దాన్ని సరిచేస్తున్నాను. కాంప్ ఆఫ్ ముందు శుక్రవారం, తర్వాత సోమవారం, రోటాలోనే ఉంది, విడిగా అడగక్కర్లేదు. మార్చుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకుని గురువారం లోపు షీట్‌లో పేరు మార్చండి, పాయింట్లు చేసినవారికి వెళ్తాయి. వరుసగా రెండు వీకెండ్లు ఎవరికీ వేయను, మార్పిడిలో కూడా కుదరదు. అభ్యంతరం ఉంటే బుధవారం సాయంత్రం లోపు నాకు చెప్పండి, ఇబ్బందైన తేదీ ఏదో చెబితే చాలు, కారణం అక్కర్లేదు. శుక్రవారం తుది రోటా పంపుతాను."

ఇందులో "నేను వేసిన వంతులోని లోపం" అన్న ముక్క మేనేజర్ తీసేయమన్నారు. నేను ఉంచాను. అది లేకపోతే ఆ జంటకు తక్కువ వీకెండ్లు ఎందుకిచ్చామో మిగతా ఆరుగురికి అర్థం కాదు. మీకు ఇంకా పాత లెక్క లేదు కాబట్టి గత మూడు నెలలు ఎవరు చేశారో టికెట్ల రికార్డు నుంచి తీసి పట్టిక వేయండి. అభ్యంతరాలకు గడువు కనీసం మూడు రోజులివ్వండి, తుది రోటాకీ మొదటి డ్యూటీకీ మధ్య రెండు వారాలుండేలా చూడండి. టికెట్లు బుక్ చేసుకునేవాళ్లకు ఆ వ్యవధి కావాలి.

ఒకటి మర్చిపోయాను. మేలో ఒకరు మానేసి కొత్త అబ్బాయి చేరాడు. సున్నాతో మొదలుపెడితే పాయింట్లు తక్కువని షీట్ అన్ని వీకెండ్లూ అతనికే చూపిస్తుంది. చేరిన రోజు టీమ్ సగటు ఎంతుందో అంతే అతని పేరు మీద వేశాను. మొదటి రెండు వీకెండ్లు వేరే జంట పక్కన కూర్చుని నేర్చుకున్నాడు, వాటికి కాంప్ ఆఫ్ ఇచ్చాను కానీ పాయింట్లు వేయలేదు.