పెద్ద షీటు నుంచి నమూనా తీసేటప్పుడు వరుసలు కాదు, బోర్లు ఎంచుకోండి

ప్రశ్న: నల్లగొండ జిల్లా బోరు నీళ్ల ఫ్లోరైడ్ పరీక్షల ఎక్సెల్ షీటులో వేల వరుసలున్నాయి. విశ్లేషణ చేసిపెడతానన్న మిత్రుడు కొంత నమూనా చాలన్నాడు. మొదటి 200 వరుసలు పంపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇలాంటి షీటు నాకూ ఒకరు పంపారు. మండలాల పేర్లు అక్షరక్రమంలో ఉండటంతో మొదటి వరుసలన్నీ అడవిదేవులపల్లి, అనుములవే. ఫ్లోరైడ్ బెడద ఎక్కువగా ఉన్న మర్రిగూడ, మునుగోడు ఒక్కటీ లేవు. వాటిని వదిలేసి ఈ జిల్లా ఫ్లోరైడ్ గురించి ఏం చెప్పగలం?

వరుసలను యాదృచ్ఛికంగా ఏరినా చిక్కు తీరదు. ఒకే బోరును వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షిస్తారు. ఆ జంటలో ఒక వరుస వచ్చి రెండోది రాకపోతే, వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గిందా పెరిగిందా అన్నది తేలదు. అందుకే ముందు బోర్లను ఎంచుకుని, ఆ బోర్ల వరుసలన్నీ పంపాలి.

మండలం, బోరు సంఖ్య నిలువు వరుసలను కొత్త షీటులోకి తీసుకుని Remove Duplicates చేయండి. పక్కన `=RAND()` వేసి, దాన్ని వెంటనే విలువలుగా అతికించండి. లేకపోతే షీటు మారినప్పుడల్లా అంకెలు మారిపోతాయి. మండలం వారీగా, ఆపై ఆ అంకె వారీగా క్రమంలో పెట్టి, మండలానికి మూడేసి బోర్లు తీసుకోండి. వాటి సంఖ్యలను Sample అనే షీటులో A నిలువు వరుసలో ఉంచి, అసలు షీటులో (బోరు సంఖ్య B లో ఉందనుకుంటే) ఇలా రాయండి:

```
=COUNTIF(Sample!A:A,B2)
```

1 వచ్చిన వరుసలను ఫిల్టర్ చేస్తే నమూనా సిద్ధం. బోరు సంఖ్య జిల్లా అంతటా ఒకటే బోరుకు ఉండాలి. గ్రామానికొక 1, 2, 3 ఉంటే ముందు గ్రామం పేరుతో కలిపి వాడండి. రైతుల పేర్లు, ఫోను నంబర్లు తీసేయండి.

ఇక నమూనాతోపాటు పంపాల్సిన నిలువు వరుసల వివరణ. ఒక్కో నిలువు వరుసకు ఒక్కో వాక్యం చాలు, కానీ ఖాళీకి అర్థమేమిటో తప్పక రాయండి. నేను చూసిన షీటులో ఫ్లోరైడ్ గడిలో కొన్నిచోట్ల 0, కొన్నిచోట్ల BDL, కొన్నిచోట్ల ఖాళీ ఉన్నాయి. అడిగితే తెలిసింది: 0 అంటే పరీక్షించలేదని, BDL అంటే పరికరానికి అందనంత తక్కువని. AVERAGE ఫార్ములా 0 ను కలుపుకుంటుంది, BDL అక్షరాలను వదిలేస్తుంది. అంటే పరీక్షించని బోర్లు సగటును కిందికి లాగుతాయి, నిజంగా మంచి నీళ్లున్న బోర్లు లెక్కలోకే రావు. లోతు అడుగుల్లోనా మీటర్లలోనా, తేదీలో ముందు రోజా నెలా అన్నవీ రాయండి.

ఒక హద్దు కూడా ఉంది. పెద్ద మండలానికీ చిన్న మండలానికీ మూడేసి బోర్లే తీసుకున్నాం కనుక జిల్లా సగటు ఈ నమూనాతో కట్టకూడదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి దాటిన బోర్లెన్ని అన్న లెక్క మీ పూర్తి షీటులోనే వేయాలి. మండలం వారీగా మొత్తం బోర్లు, దాటినవి పివట్ పట్టికగా తీసి నమూనాతోపాటు పంపండి. మీ మిత్రుడు నమూనా మీద ఫార్ములాలు సిద్ధం చేసి ఇస్తే, వాటిని అసలు షీటుపై మీరే నడపవచ్చు.