యోహాను 3:16కు ముందున్న పాము, ఆ రాత్రి వచ్చిన మనిషి

ప్రశ్న: మా వీధిలో తిరిగే ఒక ఆటో వెనుక "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అని రాసి ఉంటుంది. ఇది బైబిల్లో ఎక్కడుంది? ఎవరు ఎవరితో అన్న మాట? నేను క్రైస్తవుణ్ని కాను, తిరుపతిలో ఉంటాను.

జవాబు: ఆ వాక్యం బైబిలు రెండవ భాగమైన క్రొత్త నిబంధనలోని యోహాను సువార్త 3వ అధ్యాయంలో 16వ వచనం. మత్తయి, మార్కు, లూకా సువార్తల తరువాత నాలుగవదిగా ఈ పుస్తకం వస్తుంది. చేతిలోకి బైబిలు తీసుకొని వెతికేటప్పుడు ఒక పొరపాటుకు తావుంది కనుక దానిని ముందే చెబుతాను. బైబిలు చివరి భాగంలో, ప్రకటన గ్రంథానికి కొంచెం ముందు, యోహాను పేరుతోనే మూడు చిన్న పత్రికలు, అంటే ఉత్తరాలు, కూడా ఉన్నాయి. చిత్తూరులో ఒక ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికలో ఈ వాక్యం చదవమని నాకు చెప్పినప్పుడు నేను తొందరలో మొదటి పత్రిక 3:16 తెరిచి, సగం చదివిన తరువాత గాని తప్పు గుర్తించలేదు. అక్కడ కూడా ప్రేమ గురించే ఉండడంతో చెవికి తేడా వెంటనే తెలియదు. అందులో మాత్రం "ఆయన మనకొరకు తన ప్రాణము పెట్టెను" అని వస్తుంది. "యోహాను" పేరుకు ముందు 1, 2, 3 అంకెల్లో ఏదైనా ఉంటే మీరు పత్రికలో ఉన్నట్లు, లేకపోతే సువార్తలో ఉన్నట్లు లెక్క.

ఇక అది ఎవరు ఎవరితో అన్న మాట అన్న ప్రశ్నకు, చిన్నప్పుడు సండేస్కూల్లో ఈ వచనాన్ని తడుముకోకుండా ఒప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న నేను, పాతికేళ్లు వచ్చేవరకు సమాధానం చెప్పలేకపోయాను. తిరుపతిలో నాతో పాటు చదువుకున్న ఒక మిత్రుడు, తెలుగు సాహిత్యం మీద మంచి పట్టున్నవాడు, ఒకసారి "పద్యానికి సందర్భం చెప్పకుండా ప్రతిపదార్థం చెబితే మార్కులు వేయరు, ఇది ఎవరి ఉక్తి?" అని అడిగాడు. ఇద్దరం కూర్చొని అధ్యాయం మొదటి నుంచి చదివాము. మీకూ అదే చెబుతాను: 3:1 నుంచి 3:21 వరకు ఒక్క బిగిన చదవండి, పది నిమిషాలు కూడా పట్టదు.

అక్కడ జరిగేది ఒక రాత్రి సంభాషణ. నీకొదేము అనే పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుల వర్గానికి చెందినవాడు, యూదుల అధికారి, రాత్రివేళ యేసు దగ్గరకు వచ్చి మర్యాదగా మాట మొదలుపెడతాడు. ఒకడు క్రొత్తగా జన్మిస్తేనే కాని దేవుని రాజ్యాన్ని చూడలేడని యేసు అంటాడు. "క్రొత్తగా" అని మన బైబిల్లో ఉన్న చోట గ్రీకు మాటకు "మళ్ళీ" అనీ "పైనుండి" అనీ రెండు అర్థాలున్నాయి. నీకొదేము మొదటి అర్థాన్నే పట్టుకొని, ముసలివాడు తల్లి గర్భంలోకి రెండోసారి ఎలా ప్రవేశిస్తాడని అడుగుతాడు. యేసు గాలిని ఉదాహరణగా తీసుకొంటాడు. గ్రీకులో గాలికీ ఆత్మకూ మాట ఒక్కటే కావడంతో అక్కడా శ్లేష నడుస్తుంది. నీకొదేము మొత్తం మీద మూడుసార్లే మాట్లాడతాడు. మూడవది 9వ వచనం, ఇవి ఎలా సాధ్యమన్న చిన్న ప్రశ్న. ఆ తరువాత ఈ అధ్యాయంలో అతని గొంతు మళ్ళీ వినిపించదు. మీరు అడిగిన వాక్యం వచ్చే సమయానికి సంభాషణ ఇంచుమించు ఒకే మనిషి ప్రసంగంగా మారిపోయి ఉంటుంది.

మా ఇద్దరినీ ఎక్కువసేపు ఆపినది 14వ వచనం: "అరణ్యములో మోషే సర్పమును ఏలాగు ఎత్తెనో" ఆలాగే మనుష్యకుమారుడు ఎత్తబడాలని అక్కడ ఉంది. మనుష్యకుమారుడు అని యేసు తన గురించే అంటాడు, ఎత్తబడడమంటే సిలువ మీదికి. మా మిత్రుడి ఇంట్లో నాగులచవితికి పుట్టలో పాలు పోస్తారు, వారి బంధువులు శ్రీకాళహస్తికి రాహుకేతు పూజకు వెళ్తుంటారు. కాబట్టి పాము అనగానే అతని ఆలోచన అటు వెళ్ళింది. మోషే ఎత్తిన పాము కథ పాత నిబంధనలోని సంఖ్యాకాండము 21వ అధ్యాయంలో ఉంది. మోషే నాయకత్వంలో అరణ్యం గుండా సాగే ప్రయాణంలో విసిగిన ఇశ్రాయేలీయులు తిండికీ నీళ్ళకూ దేవుని మీదా మోషే మీదా సణిగితే పాములు వచ్చి కాటేస్తాయి, చాలామంది చనిపోతారు. తప్పు ఒప్పుకొని మొరపెట్టుకున్నప్పుడు, ఇత్తడి పామును చేసి స్తంభం మీద పెట్టమని దేవుడు మోషేకు చెబుతాడు. కాటు తిన్నవాడు దానివైపు చూస్తే బతుకుతాడు. అది పూజ కోసం పెట్టిన ప్రతిమ కాదు. తరతరాల తరువాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించాడని రాజుల రెండవ గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది.

ఈ పాము కథ తెలియకుండా 16వ వచనాన్ని చదివితే ఒక ముఖ్యమైన ముడి కనబడదు, అందులో మన అనువాదానికి కూడా కొంత పాత్ర ఉంది. 14లో "ఆలాగే" అని ఉన్న చోట గ్రీకులో ఏ మాట ఉందో, 16లో "ఎంతో" అని ఉన్న చోటా అదే మాట ఉంది. దానితో పాటు "ఎందుకంటే" అనే అర్థమిచ్చే చిన్న మాట కూడా గ్రీకులో ఉంది, తెలుగులో రాలేదు. మూలంలో వరుస దాదాపు ఇలా నడుస్తుంది: పాము ఎత్తబడినట్లే మనుష్యకుమారుడు ఎత్తబడాలి, ఎందుకంటే దేవుడు లోకాన్ని ఆ విధంగా ప్రేమించాడు. అంటే ఆ మాట ప్రేమ ఎంత అన్నదానికంటే, ఏ తీరున అన్నదానిని ముందుగా చెబుతోంది. "అంతగా" అన్న అర్థం కూడా ఆ మాటకు పొసగుతుందని వాదించేవారున్నారు, అది కొట్టివేయదగిన వాదన కాదు. అయినా నా అభిప్రాయంలో పైనున్న పాము వాక్యం "ఆ విధంగా" అన్న వైపే మొగ్గుతోంది. ఆటో వెనుక ఉన్నంత మేరకు చదివితే ఈ సంగతి తెలియడానికి దారే లేదు. మీరు చూసినది వచనంలో మొదటి వాక్యమే, దాని తరువాతి వాక్యం, దేవుడు తన కుమారుణ్ని ఇచ్చాడన్న అర్థంలో, "ఆయనను అనుగ్రహించెను" అని ముగుస్తుంది.

"ఎవరు అన్నారు" అన్నది మీరు అనుకున్నంత తేలిక కాదు. పాత గ్రీకు ప్రతులలో మాట ఎక్కడ ముగిసిందో చూపే గుర్తులు లేవు. కొందరు యేసు మాటలు 21 వరకు సాగుతాయంటారు, మరికొందరు 15తో ఆగి, 16 నుంచి సువార్త రాసినవాని వ్యాఖ్య అంటారు. రెండవ పక్షానికి ఒక ఆధారం ఏమిటంటే, 16లో వచ్చే "అద్వితీయకుమారుడు", అంటే ఒకే ఒక్క కుమారుడు, అన్న తీరు మాట ఈ సువార్త 1వ అధ్యాయంలో కథకుని నోటనే వస్తుంది. మా మిత్రుడు రెండవ పక్షం, నేను మొదటి పక్షం. నీకొదేము రాత్రి వచ్చాడని మొదలైన ఘట్టం 19 నుంచి 21 వరకు వెలుగు, చీకటి గురించిన మాటలతో ముగియడం చూస్తే, అదంతా అతని ముఖం చూస్తూ చెప్పినట్లే నాకు అనిపిస్తుంది.

అతడు ఏమని బదులిచ్చాడో, ఎప్పుడు లేచి వెళ్ళాడో రాయలేదు. 22వ వచనానికి కథ వేరే చోటికి వెళ్ళిపోతుంది. అయితే 7వ అధ్యాయం చివర అతడు యూదుల అధికారుల సభలో యేసు పక్షాన ఒక్క ప్రశ్న వేసి మాట పడతాడు. 19:39లో, యేసు దేహాన్ని సమాధి చేసే వేళ, బోళం కలిపిన అగరు నూట ఏబది సేర్ల ఎత్తు తీసుకొని వస్తాడు. అక్కడ కూడా రచయిత అతనిని, మొదట రాత్రివేళ వచ్చినవాడని గుర్తుచేసే పరిచయం చేస్తాడు.