ఢిల్లీ దాకా చౌక టికెట్ కొనేముందు

చిట్టీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. గన్నవరం నుంచి ఢిల్లీకి 3,980 రూపాయలు. రైల్లో సెకండ్ ఏసీ ధరకి కాస్త అటూ ఇటూ విమానం దొరికిందని నువ్వు సంబరపడితే తప్పు లేదు. కానీ ఆ ధర కింద సన్నటి అక్షరాలతో Check-in baggage: 0 kg అని ఉంది, చూశావా? చేతిలో పట్టుకెళ్ళే ఏడు కిలోల బ్యాగు తప్ప ఇంకేమీ రాదని దానర్థం. ఇలా బ్యాగేజీ లేని టికెట్లు తక్కువ ధరకి అమ్ముకోవచ్చని 2021లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతిచ్చింది. యాప్‌లో తక్కువ ధర ముందు కనపడేలా పెట్టుకుంటే ఇవే పైన కూర్చుంటాయి.

ఆఫీసు పని మీద ఒక్కరోజు వెళ్ళొచ్చేవాళ్ళకి ఈ టికెట్ బంగారం. నువ్వు వెళ్ళేది చదువుకోవడానికి, అదీ అమెరికాకి. నీ దగ్గర రెండు పెట్టెలుంటాయి, ఒక్కోటి 23 కిలోలు.

సరిగ్గా ఇక్కడే 2022లో మీ బావ విషయంలో నేను బోల్తా పడ్డాను. అమెరికా టికెట్ ఢిల్లీ నుంచి కొన్నాం. ఢిల్లీ దాకా విడిగా ఇంకో టికెట్, 5,200. దాన్లో 15 కిలోలు ఉచితం కదా, మిగతాది అమెరికా టికెట్ చూపిస్తే ఒప్పుకుంటార్లే అనుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి పెట్టెలు తూకానికి పెట్టింది. రెండూ కలిపి 45.5 కిలోలు. అమెరికా టికెట్ చూపించాను. "అది వేరే పీఎన్ఆర్ సార్, మాకు సంబంధం లేదు" అంది. అదనంగా ఉన్న 30.5 కిలోలని 31 చేసి, కిలోకి 550 చొప్పున 17,050 కట్టమన్నారు. పైగా ఆ టికెట్ మీద ఒకే పెట్టె అట, రెండోదానికి మళ్ళీ వేరే రుసుము. మీ అత్తయ్య నా మొహం వంక చూసిన చూపు నాకింకా గుర్తే. ఆవకాయ జాడీ తీసేద్దామన్నా వెనక క్యూలో జనం, కట్టేశాను.

ఇంటికొచ్చాక లెక్క చూసుకున్నాను. గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా అమెరికా దాకా మొత్తం ఒకే టికెట్‌గా అప్పట్లో ఢిల్లీ నుంచి కొన్నదానికంటే 9,000 ఎక్కువ చెప్పారు. ఎక్కువని వదిలేశాను. దేశంలో తిరిగే ముక్కకి 5,200 ఎలాగూ కట్టాను గనక, అసలు తేడా 3,800. దాన్ని మిగుల్చుకోబోయి 17,000 పైన పోగొట్టుకున్నాను.

అందుకని నువ్వు వెతికేటప్పుడు "ఎక్కణ్ణుంచి" అన్న చోట ఢిల్లీ కొట్టకు, విజయవాడ కొట్టు. మొత్తం ఒకే పీఎన్ఆర్‌లో వస్తే సాధారణంగా అమెరికా టికెట్‌కిచ్చే రెండు పెట్టెల లెక్కే మొదటి విమానానికీ వర్తిస్తుంది. కొనే ముందు ఒక్కో విమానం పక్కన బ్యాగేజీ ఎంత రాశారో విడివిడిగా చూడు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఒకే టికెట్ అయితే వాళ్ళే ఇంకో విమానం చూస్తారు. విడివిడి టికెట్లయితే ఆ టెన్షన్ నీదే. తర్వాత హైదరాబాద్ నుంచి కూడా వెతుకు. శంషాబాద్ దాకా మన కారులో దింపుతాను, కారులో పెట్టెలకి తూకం ఉండదు.

ఢిల్లీ నుంచి అమెరికా టికెట్ ఇప్పటికే కొనేసి ఉంటే మాత్రం, ఢిల్లీ దాకా ఆ 3,980 టికెట్ జోలికి పోకు. ముందు విద్యార్థుల టికెట్ ఉందేమో చూడు. కొన్ని సంస్థలు కాలేజీ గుర్తింపు కార్డు చూపిస్తే 10 కిలోలు అదనంగా ఇస్తాయి. మిగిలిన బరువు ఆన్‌లైన్‌లో ముందే కొను, కౌంటర్ ధర కంటే తక్కువ పడుతుంది. విమానం కదలడానికి కొన్ని గంటల ముందే ఆ వీలు మూసేస్తారు, ఆఖరి రోజుకి ఉంచకు. 46 కిలోలకి అలా కొన్నా మోతే అనిపిస్తే రైలే. థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోలు ఉచితం. నేను తోడొస్తే ఇద్దరికీ 80. ఒక రోజు పైన ప్రయాణం, ఢిల్లీలో మనవాళ్ళింట్లో ఒక రాత్రి పడుకుంటావు.

పెట్టెల గురించి ఒక మాట. మీ నాన్న కొన్న గట్టి పెట్టె ఖాళీగానే నాలుగున్నర కిలోలుంది, నేను తూచాను. గుడ్డ పెట్టె అయితే రెండు కిలోల దాకా కలిసొస్తుంది. అమెరికా విమానంలో ఒకటి 25, ఇంకోటి 21 ఉంటే కలిపి 46 అంటే కుదరదు, ఏ పెట్టెకాపెట్టె 23 లోపే ఉండాలి. పుస్తకాలూ ఛార్జర్లూ చేతి బ్యాగులో పెట్టు, కానీ దాన్నీ ఏడు కిలోలు దాటనివ్వకు.

శనివారం సాయంత్రం కొక్కెం తూకం పట్టుకొస్తాను. అప్పటిదాకా డబ్బు కట్టకు.

మీ మావయ్య