జపాన్ కంపెనీ లీవ్ యాప్‌లో ఏ బటన్ నొక్కాలి?

జపాన్‌లో కొత్తగా చేరాను. లీవ్ యాప్ అంతా జపనీస్‌లోనే ఉంది, సెలవు పెట్టానో లేదో కూడా తెలియట్లేదు. ఎలా?

ముందు 残日数 అనే చోట చూడండి, అది మిగిలిన సెలవుల సంఖ్య. చేరిన కొత్తలో చాలా చోట్ల అక్కడ 0 ఉంటుంది, కంగారు పడకండి. చట్టం ప్రకారం 6 నెలలు పనిచేసి, పనిదినాల్లో 80 శాతం హాజరైతే 10 రోజులు వస్తాయి, అంటే ఏప్రిల్ 1న చేరినవాళ్ళకి అక్టోబర్ 1న.

సంక్రాంతికి జనవరి 14న సెలవు కావాలనుకోండి. సెలవు రకం అడిగే 休暇区分లో 有休 ఎంచుకోండి, అది జీతంతో కూడిన సెలవు. దాని కిందే గైర్హాజరు అని అర్థమొచ్చే 欠勤 కూడా కనిపించొచ్చు, పొరపాటున అది నొక్కితే ఆ రోజు జీతం కోత పడుతుంది. కారణం అడిగే 理由 గడిలో 私用のため అని రాస్తే చాలు, సొంత పని అని అర్థం, పండగ గురించి వివరంగా రాయక్కర్లేదు.

అసలు తప్పు జరిగేది చివర్లో. 一時保存, 申請 అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది దాచుకోవడానికి మాత్రమే, మేనేజర్‌కి ఏమీ వెళ్ళదు. రెండోది నొక్కితేనే సెలవు అడిగినట్టు. నా పక్క సీటు అబ్బాయి అదే నొక్కి, సెలవు పెట్టేశాననుకుని హాయిగా టికెట్ కొనేసుకున్నాడు పాపం. 申請 నొక్కాక 承認待ち అని రావాలి, అంటే ఆమోదం కోసం ఆగి ఉందని. అది 承認済, అంటే ఆమోదం వచ్చింది అని మారాకే టికెట్ కొనండి. 差戻し అని వస్తే తిరస్కరించినట్టు కాదు, ఏదో సరిదిద్దమని వెనక్కి పంపారంతే. అక్కడ コメント అనే చోట రాసిన కామెంట్ చదివి, మార్చి, మళ్ళీ పంపండి. తిరస్కరిస్తే 却下 అని ఉంటుంది.