తమిళ అక్షరాల కార్డులు: మూడు 'న'ల గొడవ

ప్రశ్న: ఉద్యోగం మీద కోయంబత్తూరు వచ్చాను. తమిళ అక్షరాలకు కార్డులు చేసుకున్నాను. కార్డు మీద గుర్తుపడుతున్నా గానీ బస్సు బోర్డు చూస్తే బుర్ర ఆగిపోతోంది. 'న' మూడు రకాలుగా ఉండటం మరీ టెన్షన్. కార్డులు ఎలా చేసుకోవాలి?

జవాబు: నేనూ ఆ ఊళ్ళోనే నేర్చుకున్నాను, మొదటి సెట్టు చెత్తబుట్టలో వేశాక. 12 అచ్చులు, 18 హల్లులు, ఆయ్దం ఒకటి, మొత్తం 31 కార్డులు. ప్రతిదానికీ ఏదో ఒక బొమ్మ. ண అక్షరంలో సుడులు చూస్తే తొండం ఎత్తిన ఏనుగు కనిపించింది, అదే గీశాను. ఇక కార్డు తీసినప్పుడల్లా ముందు ఏనుగు గుర్తొచ్చేది, నోట్లోంచి 'ఏ' వచ్చేది. పైగా తమిళంలో ఏనుగును 'యానై' అంటారు, అందులో రాసేది ఈ ణ కూడా కాదు, ఇంకో న!

అక్కడ తెలిసింది, బొమ్మ అక్షరంలా ఉంటే చాలదు, దాని తెలుగు పేరు ఆ అక్షరం శబ్దంతోనే మొదలవ్వాలి. ப చూడండి, మూత లేని పాత్ర. ட రోడ్డు మీద టర్నింగ్. ம అంటే అదే పాత్ర కుడి అంచును లోపలికి మడత పెట్టినట్టు. బొమ్మ వెనకవైపే గీయండి, సన్నగా రాసిన అక్షరం మీదుగా. ముందువైపు లావు స్కెచ్ పెన్నుతో అక్షరం ఒక్కటే ఉండాలి. నేను ముందువైపు లేతగా బొమ్మ వేసి చూశాను. కార్డులన్నీ వచ్చేసినట్టే అనిపించింది, బోర్డు మీద బొమ్మ ఉండదు కదా!

మూడు న లకు మాత్రం ఏ బొమ్మా పనిచేయలేదు. మా ఇంటి ఓనరమ్మ చెప్పిన బడి పేర్లు పనిచేశాయి. ணను మామూలుగా 'మూణు సుళి ణ' అంటారు, னను 'రెండు సుళి న' అంటారు. సుళి అంటే మన సుడే. బడిలో ఇంకో రకం పేర్లున్నాయి: ண 'టణ్ణగరం', ந 'తన్నగరం', ன 'ఱన్నగరం'. అంటే ట ముందు వచ్చేది, త ముందు వచ్చేది, ఱ ముందు వచ్చేది. పేరులోనే చిరునామా ఉంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. బండి అన్నప్పుడు, బంతి అన్నప్పుడు నాలుక ఒకే చోట తగలదు, కానీ మనం రెండింటికీ సున్నా పెట్టి వదిలేస్తాం. తమిళంలో ఆ సున్నా లేదు, ఏ న అయితే ఆ న రాయాల్సిందే. అందుకే వీటికి ఒంటి అక్షరం కార్డులు మానేసి, ఖాళీ ఉన్న మాటలు రాసుకున్నాను:

వండి (బండి): வ▢டி
పందు (బంతి): ப▢து
కన్ఱు (దూడ): க▢று

ఖాళీ తర్వాత ఏముందో చూడాలి. మొదటిదాంట్లో ட ఉంది, కాబట్టి ண். రెండోదాంట్లో த వరస, కాబట్టి ந். మూడోదాంట్లో ற వరస, కాబట్టి ன். జవాబు వెనక. మాట మొదట్లో వచ్చే న మాత్రం ந అనుకోండి. గాంధీపురం బోర్డు காந்திபுரம் చూసి త ముందు ந் ఉందని గమనించిన రోజు నాకు భలే సంతోషం వేసింది. సింగానల్లూర్ బోర్డు சிங்காநல்லூர் మధ్యలో ந ఎందుకంటే, 'నల్లూర్' విడి మాటగా మొదలవుతుంది.

దీనికీ ఓ హద్దుంది. రెండు అచ్చుల మధ్య వస్తే చిరునామా సాయపడదు. மனம் అంటే మనసు, மணம் అంటే సువాసన. ఇక్కడ మన చెవే దిక్కు. న, ణ తేడా మనకు తెలుసు కాబట్టి, ఈ రెండింటినీ ఒకే కార్డుకు రెండువైపులా రాసి పైకి చదవండి.

బోర్డు దగ్గర ఆగిపోవడానికి ఇంకో కారణం, ఎ, ఏ, ఐ గుర్తులు హల్లుకు ఎడమవైపున రావడం. మన ఊరి పొట్టి పేరు கோவை తీసుకోండి. కంటికి వరసగా కనిపించేది ఏ గుర్తు, క, కాలు, ఐ గుర్తు, వ. చదివేది మాత్రం కో, వై. ఆ గుర్తులను సన్నటి అట్టముక్కల మీద రాసి, హల్లు కార్డుకు ఎడమవైపు పెట్టి తీస్తూ ఉంటే రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది.

వచ్చిందో లేదో తేల్చుకోవడానికి కార్డులు వద్దు. బస్టాండులో నాలుగు బోర్డులు ఫోటో తీసి, ఇంటికెళ్ళి చదవండి. ముందు బొమ్మ గుర్తొచ్చి, తర్వాత శబ్దం వస్తోందంటే ఆ కార్డు ఇంకా కట్టలో ఉండాల్సిందే.

పాత శిలాఫలకాల దగ్గర మాత్రం కంగారు పడకండి. 1978లో ప్రభుత్వం లిపి మార్చకముందు லை, னை లాంటివి వేరే రూపంలో రాసేవారు. వాటిలో మాత్రం నిజంగానే తొండం ఉంటుంది.