ఆపరేషన్ తర్వాత నాన్నగారి అయోమయం: నిద్రమందుకు ముందు వెతకాల్సినవి

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. హైదరాబాద్‌లో మా నాన్నగారికి (74) తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. రెండు రోజులు బాగానే మాట్లాడారు. ఇప్పుడు రాత్రయితే అమ్మను కూడా గుర్తుపట్టడం లేదు. ఇది మతిమరుపు జబ్బా? నిద్రమందు ఇమ్మని అడగవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల తరబడి ముదురుతుంది. ఆపరేషన్ తర్వాత ఉన్నట్టుండి వచ్చి, పొద్దున తగ్గి రాత్రి పెరిగే అయోమయం చాలావరకు డెలీరియం. దాని వెనుక ఒంట్లో ఏదో కారణం ఉంటుంది. దాన్ని వెతకడం ఎలా ఉంటుందో చూపడానికి, మెల్‌బోర్న్‌లో ఉండే ఒక అబ్బాయికీ నాకూ మధ్య నడిచిన సందేశాలను అతని అనుమతితో, ఆనవాళ్లు తీసేసి ఇస్తున్నాను. అతని తండ్రికి 78 ఏళ్లు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకూ తుంటి ఆపరేషనే.

మూడో రాత్రి 1.50, అతని వాయిస్ నోట్: "డాక్టర్ గారూ, నాన్న పంపింది మీకు ఫార్వర్డ్ చేశాను, వినండి. లాకరు తాళాలు పోయాయట, ఇన్‌స్పెక్షన్ వాళ్లు మంచం కింద కూర్చున్నారట. పక్షవాతమా సార్? అక్క ఏడుస్తోంది."

నా సందేశం: "మూతి వంకర పోయిందా? రెండు చేతులూ సమానంగా ఎత్తుతున్నారా? మాట ముద్దగా ఉందా? మీ అక్కగారిని చూడమనండి. డ్యూటీ డాక్టర్‌ను ఇప్పుడే పంపిస్తున్నాను."

1.58, అతను: "చేతులు ఎత్తారు. మూతి బాగుంది. మాట స్పష్టంగానే ఉంది, కానీ అర్థం లేదు. వారాల పేర్లు వెనక్కి చెప్పమని డ్యూటీ డాక్టర్ అడిగితే శనివారం, శుక్రవారం అని ఆగి, మళ్లీ తాళాలంటున్నారు."

ధ్యాస నిలవకపోవడమే డెలీరియానికి ముఖ్య లక్షణం. ఆక్సిజన్, చక్కెర, సోడియం చూశాం, బాగున్నాయి. జ్వరం లేదు.

2.10, అతను: "సార్, ఒక నిద్ర ఇంజెక్షన్ ఇచ్చేయండి. అక్క కూడా పడుకుంటుంది."

నా వాయిస్ నోట్: "ఇప్పుడే వద్దు బాబూ. నిద్రపుచ్చితే కారణం దాక్కుంటుంది. ఒకటి అడుగుతాను, దాచవద్దు. నాన్నగారికి రోజూ మందు అలవాటు ఉందా? ఇంటి నుంచి తెచ్చి ఏవైనా మాత్రలు వేశారా?"

మొదటి ప్రశ్న మొహమాటంతో ఎవరూ అడగరు. రోజూ తాగేవారు ఆసుపత్రిలో ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులకు ఇలాగే అవుతుంది, దానికి వైద్యం వేరు. ఈయనకు ఆ అలవాటు లేదు. రెండో ప్రశ్నకు జవాబు ఇరవై నిమిషాల తర్వాత వచ్చింది.

అతను: "ముక్కు కారుతోందని అక్క రెండు రాత్రులు జలుబు మాత్ర వేసిందట. మామూలుదే కదా అనుకుంది."

స్ట్రిప్ ఫొటో పంపమన్నాను. అందులో క్లోర్‌ఫెనిరమైన్ ఉంది. వయసు మళ్లినవారిలో అది మెదడును మసకబారుస్తుంది; ప్రోస్టేట్ పెరిగిన మగవారిలో మూత్రం ఆపేస్తుంది కూడా. మూత్రపు గొట్టం ముందు రోజు ఉదయమే తీశాం. చార్టులో మూత్రం 'వెళ్లారు' అని ఏడుసార్లు రాసి ఉంది. ఎంత వెళ్లారో రాయలేదు. నిండిన మూత్రాశయం కొద్దికొద్దిగా పొంగి పొర్లినా చార్టులో అలాగే కనిపిస్తుంది. స్కాన్ చేస్తే లోపల 900 మిల్లీలీటర్లు. మామూలుగా అందులో సగం కూడా నిండకముందే మనం లేచి వెళతాం.

3.05, నా సందేశం: "గొట్టం మళ్లీ వేశాం. జలుబు మాత్ర ఆపించాం. కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఎక్కడున్నాయి?"

అతను: "పోతాయేమోనని బావ మలక్‌పేటలో ఇంట్లోనే ఉంచాడు."

ఉదయం 8 గంటలకు అవి వచ్చాయి. మంచం కిటికీ వైపు తిప్పించి, నొప్పికి సరిపడా మందిచ్చి, కుర్చీలో కూర్చోబెట్టాం.

11.20, అతను: "నన్ను పేరుపెట్టి పిలిచారు! తగ్గిపోయినట్టేనా సార్?"

నేను: "ఇంకా లేదు. ఈ రాత్రి మళ్లీ తాళాలు వెతకవచ్చు. వాదించవద్దు, బెదిరించవద్దు. ఎవరో, ఎక్కడున్నారో మెల్లగా చెప్పమనండి."

వెతికారు కూడా, రెండు రాత్రులు, కాకపోతే తక్కువసేపు. ఐదో రోజుకు అక్కగారి చేత పేపరు చదివించుకుని తప్పులు దిద్దారు.

మీ నాన్నగారి కారణం వేరే కావచ్చు: ఊపిరితిత్తుల్లో లేదా మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, తగ్గని నొప్పి, లేదా నొప్పి మందే. అందుకే ఈ రోజే డాక్టర్‌ను అడగండి: స్కాన్‌లో మూత్రం ఎంత మిగిలింది, సోడియం ఎంత, ఏ మందులు కొత్తగా మొదలయ్యాయి. ఇంట్లో ఏళ్లుగా నిద్రమాత్ర వాడుతూ ఇప్పుడు ఆపి ఉంటే అదీ చెప్పండి. గొట్టాలు పీకేసుకుంటూ, మంచం దిగబోతూ తనకే ప్రమాదం తెచ్చుకుంటుంటే తక్కువ మోతాదులో మందు ఇవ్వాల్సి రావచ్చు. ఆ నిర్ణయం చూస్తున్న డాక్టర్‌దే. మూతి వంకర, ఒకవైపు బలహీనత, ఆయాసం, లేపినా లేవనంత మత్తు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు.

గోల తగ్గి రోజంతా నిద్రలోనే ఉంటే కుదుటపడ్డారని అనుకోకండి. డెలీరియంలో అలాంటి రకమూ ఉంది, అదే ఎక్కువగా కనిపెట్టకుండా పోతుంది. చాలామంది కొద్ది రోజుల్లో తేరుకుంటారు, కొందరికి వారాలు పడుతుంది. మూడు నెలల తర్వాత కూడా మరుపు కనిపిస్తే అప్పుడు న్యూరాలజిస్టుకు చూపించండి.