సలాంకి బదులెలా చెప్పాలంటే

చిన్నా,

కొత్త ఆఫీసులో మీ మేనేజర్ గారు రోజూ "అస్సలాము అలైకుం" అంటారని, దానికి గుడ్ మార్నింగ్ అనాలో, ఆ మాటే తిరిగి అనాలో తెలియక నవ్వి ఊరుకుంటున్నానని రాశావు. ఊరుకోవడం మాత్రం మానెయ్. సలాంకి అంతే మంచిగా, వీలైతే ఇంకా మంచిగా బదులివ్వమని ఖురాన్ నాలుగో అధ్యాయం 86వ వాక్యంలో ఉంది, అందుకే ముస్లింలలో జవాబివ్వడం బాధ్యత కింద లెక్క.

బదులు "వ అలైకుం అస్సలాం". ముందు వెనకలు మారాయి కదా, చాలామంది తడబడేది ఇక్కడే, విన్నదాన్నే విన్నట్టు తిరిగి అనేస్తారు. తప్పు పట్టరులే. ఆయన వెనకాల "వ రహ్మతుల్లాహి వ బరకాతుహు" కూడా చేర్చినా నువ్వు అంత పొడుగున అప్పజెప్పక్కర్లేదు, చిన్న జవాబు నిదానంగా చెబితే చాలు. ఎప్పుడైనా నువ్వే ముందు సలాం చెప్పాలనిపిస్తే మాత్రం ఆ "లా" మింగెయ్యకు, అది పోయి "సాం" అని వినిపిస్తే అరబీలో చావు అనే అర్థం వస్తుంది.

నలుగురున్న గదిలోకి ఆయన వచ్చి అందరికీ కలిపి సలాం చెప్పారనుకో, ఒకరు జవాబిస్తే అందరి తరఫునా సరిపోతుంది. అక్కడ నువ్వు తలూపినా చాలు, టెన్షన్ పడకు. ఇంకోటి, పద్ధతి గట్టిగా పాటించే కొందరు పెద్దవాళ్ళు వేరే మతంవాళ్ళు సలాం చెబితే "వ అలైకుం" అని అక్కడితో ఆపుతారు. చిన్నచూపు చూశారనుకోకు, వాళ్ళు నేర్చుకున్న నియమం అది. ఆడవాళ్ళకైతే వాళ్ళు చెయ్యి చాపితే తప్ప నువ్వు చాపకు, గుండె మీద చెయ్యి పెట్టుకుని జవాబిస్తే బాగుంటుంది.

రంజాన్ నెలలో "రంజాన్ ముబారక్" అంటే అదే తిరిగి అను. "ఈద్ ముబారక్" నెల అయ్యాక పండగ రోజు మాట, ఉపవాసాలు మొదలైన రోజున అనేవాళ్ళని చూశాను. నువ్వేదైనా పని చేసిపెడితే, దేవుడు నీకు మేలు చెయ్యాలని "జజాకల్లాహ్" అంటారు, దానికి అరబీ జవాబు వెతుక్కోకు, "అయ్యో, పర్లేదండీ" అను.

అసలు ఆ మాటలు నోటితో అనడమే నీ భక్తికి ఇబ్బందిగా ఉంటే, ఆయన వైపు తిరిగి, చేతిలో ఫోన్ పక్కన పెట్టి "నమస్కారమండీ, బాగున్నారా" అను, అదీ జవాబే. యాస అనుకరిస్తూ సాగదీసి చెప్పడం కంటే అదే వెయ్యి రెట్లు నయం.

ఎవరైనా పోయినప్పుడు వాళ్ళు "ఇన్నా లిల్లాహి" అంటూ మొదలయ్యే వాక్యం అంటారు. అది వాళ్ళ విశ్వాసం చెప్పుకునే మాట, సలాంలా నీకు చెప్పే పలకరింపు కాదు, నువ్వు కలిపి చదవక్కర్లేదు. ఆగి విని, "చాలా బాధగా ఉందండీ, ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అను.

మీ బాబాయ్